కెటిల్ గార వేరు, టీ చేదు వేరు

కడపలో ఎవరింట్లో ఎలక్ట్రిక్ కెటిల్ ఉన్నా, ఆర్నెల్లు తిరక్కుండా రెండు ఫిర్యాదులు కలిసే వస్తాయి. అడుగున తెల్లగా గార కట్టింది, ఆ నీళ్ళతో పెట్టిన టీ చేదుగా ఉంది. ఒకదాని వల్లే రెండోది వచ్చిందని అనుకోవడం సహజం. అందుకే నిమ్మచెక్క పెట్టి అడుగును తళతళలాడేట్టు రుద్దేస్తారు. మర్నాడు టీ మళ్ళీ చేదుగానే ఉంటుంది. కెటిల్ పాడైందని కొత్తది కొంటారు. దాంట్లో కూడా అదే చేదు.

అసలు సంగతేమిటంటే, ఆ తెల్ల గారకు చేదు లేదు. అది దాదాపుగా కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి, బడిలో వాడే సుద్ద కోవకు చెందిన పదార్థం. నాలుక మీద పెట్టుకుంటే పొడిపొడిగా, చప్పగా ఉంటుందే తప్ప చేదనిపించదు. చేదు వేరే చోటి నుంచి వస్తుంది. ఒక్కోసారి గారలో చిక్కుకున్న మురికి నుంచి, ఒక్కోసారి గారగా మారకుండా నీళ్ళలోనే ఉండిపోయిన లవణాల నుంచి, ఒక్కోసారి టీ పెట్టే పద్ధతి నుంచి. ఏది మన కేసో తేల్చుకోకుండా గార తీస్తే కెటిల్ శుభ్రపడుతుంది, టీ మాత్రం మారదు.

నీళ్ళలో రాయి ఎలా వస్తుంది

కడప, కర్నూలు ప్రాంతంలో చాలా భాగం భూమి కింద సున్నపురాయి పొరలున్నాయి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది అందుకే, ఇంటింటా గచ్చులో, వంటింటి గట్టు మీద పరిచిన నల్ల కడప బండలూ ఆ జాతివే. వాననీరు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొంచెం పుల్లబడుతుంది. ఆ పులుపుతో సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుని, కాల్షియం బైకార్బొనేట్‌గా తనలో మోసుకుంటూ బోరులోకి చేరుతుంది. కంటికి నీళ్ళు తేటగానే కనిపిస్తాయి.

వేడి తగిలినప్పుడు కథ వెనక్కి నడుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ బుడగలై పోతుంది, కరిగిన రాయి మళ్ళీ రాయైపోతుంది. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలకు వెళ్ళినవాళ్ళు పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు చూసే ఉంటారు. అక్కడ నీటి బొట్టు కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తూ వేల ఏళ్ళపాటు మెల్లగా చేసిన పనినే కెటిల్ నాలుగు నిమిషాల్లో చేస్తుంది. పైగా అన్నిటికంటే వేడిగా ఉండేది అడుగు ప్లేటు కాబట్టి, రాయి ముందుగా అక్కడే పేరుకుంటుంది. పాతకాలపు కెటిళ్ళలో హీటింగ్ కాయిల్ నీళ్ళలోనే బయటికి కనిపించేది, గార దాని చుట్టూ పట్టేది. ఇప్పటివాటిలో కాయిల్ స్టీలు ప్లేటు కిందికి వెళ్ళిపోయింది కాబట్టి గార ప్లేటు మీద పొరలా పరుచుకుంటుంది.

ఇలా మరిగితే బయటపడే భాగాన్ని తాత్కాలిక కఠినత్వం అంటారు. శాశ్వత కఠినత్వం అని ఇంకో భాగం ఉంది. అది కాల్షియం, మెగ్నీషియంల సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చేది. నీళ్ళు ఎంత మరిగించినా వీటిలో ఎక్కువ భాగం నీళ్ళలోనే ఉండిపోతుంది. టీ విషయంలో మనకు ఎక్కువ చిక్కు తెచ్చేది ఇదే, ఎందుకంటే మెగ్నీషియం లవణాలకు సహజంగానే చేదు ఉంది. విరేచనాలకు వాడే ఎప్సం సాల్ట్ మెగ్నీషియం సల్ఫేటే. దాన్ని ఒకసారి తాగినవాళ్ళకు ఆ రుచి గుర్తుంటుంది.

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐ.ఎస్. 10500 మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని, వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చని చెబుతుంది. ఉదాహరణకు ఒక బోరులో 500 ఉందనీ, అందులో 300 తాత్కాలిక కఠినత్వమనీ అనుకుందాం. రోజుకు మూడు లీటర్లు కాచే ఇంట్లో నెలకు 90 లీటర్లు కెటిల్ గుండా పోతాయి. అంతా రాయైతే 27 గ్రాములు. అదంతా అడుగున పట్టదు, చాలావరకు గ్లాసులోకి, సింకులోకి పోతుంది. అయినా పావు వంతు అతుక్కుందన్నా నెలకు 7 గ్రాముల రాయి. ఈ 7 గ్రాముల లెక్కను గుర్తుపెట్టుకోండి, నిమ్మకాయల దగ్గర పనికొస్తుంది.

ముందు రుచి చూడాలి, తర్వాతే శుభ్రం చేయాలి

గార మీద చెయ్యి వేసేముందు చిన్న పరీక్ష చేయాలి. ఒకే బిందెలోంచి నీళ్ళు తీసుకుని కొన్ని కెటిల్లో కాచండి, కొన్ని బాగా తోమిన స్టీలు గిన్నెలో స్టవ్ మీద కాచండి, కొన్ని కాచకుండా ఉంచండి. మూడూ మూడు స్టీలు గ్లాసుల్లో పోసి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద నాలుకకు తేడాలు సరిగా తెలియవు, చల్లారిన నీళ్ళే నిజం చెబుతాయి. ఇంట్లో ఇంకొకరితో, ఏ గ్లాసు ఏదో చెప్పకుండా తాగించి చూడండి.

కెటిల్ గ్లాసు ఒక్కటే చేదైతే తప్పు కెటిల్‌ది. మూడూ చేదైతే తప్పు నీళ్ళది, గార తీసినా లాభం లేదు. మూడింట్లో ఏదీ చేదు కాకుండా టీ మాత్రం చేదైతే, కెటిల్‌ను వదిలేసి టీ పొడి వైపు, పెట్టే పద్ధతి వైపు చూడాలి. కొన్నిసార్లు రెండు కారణాలు కలిసి ఉంటాయి, కింద చెప్పేది అలాంటి కేసే.

మా వీధిలో అద్దెకుండే వదిన ఒకరు లీటరున్నర కెటిల్ తెచ్చి చూపించారు. అడుగంతా గార. అయితే అది తెల్లగా లేదు, మధ్యలో గోధుమరంగు మరకలు, ఒక పక్క నల్లగా మాడిన గుండ్రటి చార. గోటితో గీకితే పైన తెల్లటి పెచ్చు లేచింది, దాని కింద జిగటగా, పసుపు గోధుమరంగులో ఇంకో పొర ఉంది. వాసన చూస్తే మాడిన పాల వాసన.

“ఏం వదినా, దీంట్లో పాలు కాచినారా ఎప్పుడైనా?” అని అడిగాను.

“మేమెందుకు కాస్తాం. హాస్టల్ నుంచి వచ్చినప్పుడు పిల్లోడు ఒకసారి కాచినాడు. పొంగిపోతే కడిగేసినా కదా” అన్నారు.

చాలా ఇళ్ళలో జరిగేది ఇదే. కెటిల్ ప్లేటు చిన్నది, దాని మీద పడే వేడి ఎక్కువ. స్టవ్ మీది గిన్నెలోలా పాలు నెమ్మదిగా తిరగవు, ప్లేటుకు ఆనుకున్న పాలు ముందే మాడిపోతాయి. మాడిన పాల పొర మీద తర్వాత నీళ్ళ గార పడుతుంది. గార గట్టిగా కనిపించినా లోపలంతా సన్నటి రంధ్రాలుంటాయి, కింద ఉన్న మాడు వాసన, చేదు కాచిన ప్రతిసారీ కొంచెంకొంచెంగా పైకి ఊరుతూనే ఉంటాయి. మ్యాగీ వండినా, టీ పొడి నేరుగా కెటిల్లో వేసి మరిగించినా ఇదే గతి.

మూడు గ్లాసుల పరీక్షలో వదినవాళ్ళ కెటిల్ నీళ్ళు స్పష్టంగా చేదు. గిన్నెలో కాచినవి చేదు కావు గానీ నాలుకకు కొంచెం ఉప్పగా, బరువుగా ఉన్నాయి. అంటే చేదు తప్పు కెటిల్‌ది, ఉప్పదనం బోరుది. మొదటిది మనం తీయగలం, రెండోది ఎంత తోమినా పోదు.

నిమ్మకాయ, చింతపండు, వెనిగర్, నిమ్మ ఉప్పు

కార్బొనేట్ గారను పులుపు కరిగిస్తుంది. ఆ మాట నిజమే. కాని ఎంత పులుపు కావాలన్న లెక్క ఎవరూ వేయరు. 7 గ్రాముల గార కరగడానికి సిద్ధాంతం ప్రకారమే దాదాపు 10 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కావాలి. నిమ్మరసంలో సిట్రిక్ యాసిడ్ సుమారు 5 నుంచి 6 శాతం. మన చిన్న నిమ్మకాయ పిండితే 20 మిల్లీలీటర్ల రసం వచ్చిందనుకుంటే అందులో ఒక గ్రాము చిల్లర. అంటే ఒక్క నెల గారకే తొమ్మిది పది కాయలు కావాలి. నిమ్మచెక్కతో రుద్దితే పైపొర మెరిసి, లోపలి రాయి అలాగే ఉండిపోయేది అందుకే. వేసవిలో కడపలో నిమ్మకాయల ధర తెలిసినవాళ్ళు ఆ పని చేయరు కూడా.

చింతపండు ఇత్తడి బిందెకు బంగారం లాంటిదే, కెటిల్‌కు మాత్రం తగదు. దాని పులుపు టార్టారిక్ యాసిడ్. అది కాల్షియంతో కలిస్తే నీళ్ళలో సరిగా కరగని తెల్లటి మడ్డి అవుతుంది, ఒక గార పోయి ఇంకో గార వచ్చినట్టు. పైగా పిప్పి వెళ్ళి మూతి దగ్గరి జల్లెడలో ఇరుక్కుంటుంది.

వెనిగర్ బాగానే పనిచేస్తుంది. కాల్షియం అసిటేట్ నీళ్ళలో సులభంగా కరుగుతుంది కాబట్టి మడ్డి మిగలదు. కాని 100 మిల్లీలీటర్ల 5 శాతం వెనిగర్ కరిగించేది 4 గ్రాముల చిల్లర గారనే, కాబట్టి సీసా పెద్దదే కావాలి. దాని ఘాటు వాసన మూతలోని ప్లాస్టిక్‌ను, రబ్బరు వాషర్‌ను పట్టుకుని రోజుల తరబడి వదలదు. రుచి బాగుచేయడానికి దిగి కొత్త వాసన తెచ్చుకోవడం నాకు నచ్చదు.

నా ఓటు కిరాణా కొట్టులో పొట్లంగా దొరికే నిమ్మ ఉప్పుకే. అది సిట్రిక్ యాసిడే, వాసన లేదు, తూకం వేసుకోవచ్చు. లీటరు నీళ్ళకు 20 గ్రాములు, అంటే నాలుగు టీ చెంచాలు, చాలు.

బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం ఎవరు చెప్పినా పోయకండి. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. గారను క్షణాల్లో తినేస్తుంది, దాంతోపాటు స్టీలు ప్లేటు మీది రక్షణ పొరను కూడా తిని సూది మొనంత గుంటలు చేస్తుంది. ఆ గుంటల్లో తర్వాత తుప్పు మొదలవుతుంది. స్టీలు పీచుతో, కత్తి మొనతో గీకినా నష్టమే, గీతల్లో గార ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

సోడా ముందు, పులుపు తర్వాత

వదినవాళ్ళ కెటిల్‌లా పాలో, టీ మరకో ఉన్నప్పుడు వరస ముఖ్యం. పాల జిడ్డును, మాడును వదిలించేది సోడా. గారను కరిగించేది పులుపు. రెండూ ఒకేసారి వేస్తే బుసబుసమని నురగ వస్తుంది, చూడ్డానికి ఏదో జరుగుతున్నట్టే ఉంటుంది. కాని ఆ నురగంతా సోడా, పులుపు ఒకదాన్నొకటి చంపుకున్నదే. మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళు. ఫోన్లో వచ్చే చిట్కాల వీడియోల్లో ఇది పదే పదే కనిపిస్తుంది.

కెటిల్లో ముప్పాతిక లీటరు నీళ్ళు పోసి, రెండు టీ చెంచాల వంటసోడా వేసి ఒకసారి మరగనిచ్చాం. మరుగుతున్నప్పుడు కొంచెం పొంగుతుంది కాబట్టి గరిష్ఠ గీత దాకా నింపకూడదు. ప్లగ్గు తీసేసి గంటసేపు వదిలేశాక చూస్తే నీళ్ళు పల్చటి టీ రంగులోకి వచ్చాయి, పైన జిడ్డు తేలింది. పారబోసి, మెత్తటి స్పాంజితో ఒకసారి తుడిచి, మంచినీళ్ళతో తొలిపితే నల్ల చార సగానికి పైగా పోయింది. ఇంకోసారి అదే పని చేశాక గోధుమ మరకలు తేలిపోయి తెల్లగార మాత్రం మిగిలింది.

ఈ సోడాకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. కొన్ని బోర్లలో సల్ఫేట్ ఎక్కువ. అప్పుడు గారలో జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్ కూడా కలుస్తుంది, అది నిమ్మ ఉప్పుకు సరిగా లొంగదు. వేడి సోడా నీళ్ళలో నానితే జిప్సం మెల్లగా కార్బొనేట్‌గా మారుతుంది, తర్వాత వేసే పులుపు దాన్ని కరిగిస్తుంది. దీనికి వంటసోడా కన్నా బట్టల సోడా బాగా పనిచేస్తుంది. అయితే అది చేతులు మండిస్తుంది, గ్లవ్స్ వేసుకోవాలి, లోపల అల్యూమినియం భాగాలుంటే వాడకూడదు.

ఇప్పుడు పులుపు. కెటిల్లో అర లీటరు నీళ్ళు మరిగించి ఆపి, ప్లగ్గు తీసి, కెటిల్‌ను బేస్ మీంచి దించాం. దాంట్లో అర లీటరు చల్లనీళ్ళు కలిపితే 60 డిగ్రీల చుట్టుపక్కలకు వస్తుంది. అప్పుడు నాలుగు చెంచాల నిమ్మ ఉప్పును ఒక్కో చెంచా చొప్పున, మధ్యలో నురగ తగ్గేదాకా ఆగుతూ వేశాం. అంతా ఒక్కసారే గుమ్మరిస్తే కార్బన్ డయాక్సైడ్ నురగ ఎగదన్ని పిడి వైపున్న ఆవిరి రంధ్రంలోకి పోతుంది. ఆ దారి చివర ఉండేది స్విచ్చి.

ఈ పని వంటింటి గట్టు మీద నేరుగా చేయకండి. కింద ఒక స్టీలు పళ్ళెం పెట్టుకోండి. కడప బండ కూడా సున్నపురాయే కదా, నిమ్మ ఉప్పు నీళ్ళు ఒలికిన చోట నునుపు పోయి బూడిదరంగు మచ్చ పడుతుంది, తుడిస్తే పోదు. నిమ్మకాయ కోసి మర్చిపోయిన చోట పడ్డ మచ్చలు చాలా వంటిళ్ళలో ఉంటాయి. కెటిల్లో మనకు కావలసిన రసాయన చర్యే గట్టు మీద మనకు అక్కర్లేని చోట జరుగుతుందన్నమాట.

నిమ్మ ఉప్పు వేశాక మళ్ళీ స్విచ్ వేసి మరిగించాలని చాలామందికి అనిపిస్తుంది. వద్దు. నురగ ఒక కారణం. రెండో కారణం, సిట్రిక్ యాసిడ్ కాల్షియంతో కలిసి చేసే కాల్షియం సిట్రేట్ వేడి ఎక్కువైనా, పులుపు తక్కువైనా తెల్లటి పొడిగా విడిపోతుంది. గార తీయబోయి అడుగున పాలపొడి చల్లినట్టు అయిందంటే అదే. అప్పుడు భయపడక్కర్లేదు, ఆ నీళ్ళు పారబోసి, పొడిని స్పాంజితో తుడిచి, కొత్తగా నిమ్మ ఉప్పు నీళ్ళు గోరువెచ్చగా పోస్తే సరి.

అరగంటయ్యాక చూడాలి. బుడగలు ఆగాయంటే రెండు అర్థాలున్నాయి. గార అయిపోయి ఉండాలి, లేదా పులుపు అయిపోయి ఉండాలి. తేల్చడం సులభం. మిగిలిన మరక పైన చిటికెడు నిమ్మ ఉప్పు వేయండి. మళ్ళీ బుడగలొస్తే గార ఇంకా ఉంది, నీళ్ళు మార్చి రెండో విడత చేయాలి. బుడగల్లేకుండా మరక మాత్రం అలాగే ఉంటే అది కార్బొనేట్ కాదు. జిప్సమో సిలికానో అయ్యుండాలి. ఇంకోసారి సోడా దారి పట్టండి, అప్పటికీ పోకపోతే వదిలేయండి. పల్చటి మరక వల్ల నష్టం లేదు. వదినవాళ్ళ కెటిల్‌కు రెండు విడతలు పట్టింది. మొదటిసారి నీళ్ళు పారబోసినప్పుడు పెచ్చులు పెచ్చులుగా గార ఊడి వచ్చింది, ఒక్కో పెచ్చు గోరంత మందం. రెండోసారికి ప్లేటు బయటపడింది, మధ్యలో ఇంద్రధనస్సు రంగుల చాయ ఒకటి మిగిలింది. అది వేడికి స్టీలు మీద వచ్చే రంగు, దాంతో ఇబ్బంది లేదు.

మూతి దగ్గరుండే సన్నటి జల్లెడను ఎవరూ పట్టించుకోరు. టీలో తెల్లటి నలకలు తేలేది చాలాసార్లు అక్కడి నుంచే. ఊడదీయగలిగిందైతే తీసి అదే నిమ్మ ఉప్పు నీళ్ళలో గ్లాసులో నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దాలి. కెటిల్‌ను మాత్రం కుళాయి కింద తలకిందులు చేసి కడగొద్దు, అడుగున కరెంటు పిన్నుండే గుంతలోకి నీళ్ళు పోతాయి. పొరపాటున తడిస్తే తుడిచి, ఒక పూట ఆరాకే బేస్ మీద పెట్టాలి.

చివరగా మంచినీళ్ళు నిండుగా మరిగించి పారబోయడం రెండుసార్లు. ఆ తర్వాత కూడా నాలుకకు పుల్లగా తగిలితే మూత అంచులో, వాషర్ కింద పులుపు మిగిలిందని. పావు చెంచా వంటసోడా వేసి ఒకసారి మరిగించి తొలిపితే అది పోతుంది. సోడా, పులుపు ఒకదాన్నొకటి చంపుకోవడం ఇక్కడ మాత్రం మనకు పనికొస్తుంది.

స్విచ్ ముందే పడిపోతుంటే

గార వల్ల కరెంటు బిల్లు పెరుగుతుందని తరచుగా అంటారు. కెటిల్ విషయంలో అది అంత పెద్దదేమీ కాదు. కాయిల్లో పుట్టిన వేడికి పోయే దారి దాదాపుగా నీళ్ళలోకే, కాస్త ఆలస్యంగానైనా అక్కడికే చేరుతుంది. అసలు దెబ్బ కాయిల్‌కు. గార పొర వేడిని సులభంగా పోనివ్వదు కాబట్టి ప్లేటు, దాని కిందున్న కాయిల్ మామూలు కన్నా ఎక్కువ వేడెక్కుతాయి. నీళ్ళు లేకుండా కెటిల్ మాడిపోకుండా అడుగున ఒక రక్షణ స్విచ్చి ఉంటుంది. ప్లేటు మితిమీరి వేడెక్కితే, లోపల నీళ్ళున్నా సరే, నీళ్ళు అయిపోయాయనుకుని అది కరెంటు తెంచేస్తుంది. నీళ్ళు మరక్కముందే కెటిల్ ఆగిపోతోందంటే మొదట అనుమానించాల్సింది గారనే. వదినవాళ్ళ కెటిల్‌కు ఆ జబ్బు కూడా ఉండేది, శుభ్రం చేశాక పోయింది. దీనికి వ్యతిరేకంగా, మరిగినా ఆగడం లేదంటే మూత సరిగా పడటం లేదనో, ఆవిరి రంధ్రం మూసుకుపోయిందనో అర్థం. మామూలుగా కెటిల్ ఆగేది ఆ రంధ్రంలోంచి వచ్చే ఆవిరి స్విచ్చికి తగిలినప్పుడే.

నెమ్మదిగా మరుగుతోందన్న ఫిర్యాదును మాత్రం వెంటనే గార ఖాతాలో వేయకండి. 1500 వాట్ల కెటిల్‌కు లీటరు నీళ్ళు మరగడానికి వోల్టేజి సరిగా ఉంటే నాలుగు నిమిషాలకు అటూఇటూ పడుతుంది. వేసవి సాయంత్రం వోల్టేజి 230 నుంచి 190కి పడిపోతే అదే కెటిల్ 1000 వాట్ల చిల్లరే ఇస్తుంది, దాదాపు ఆరు నిమిషాలు పడుతుంది. గార తీయకముందు, తీశాక తేడా చూడాలనుకుంటే రెండుసార్లూ ఒకే వేళ, అంతే నీళ్ళతో చూడాలి.

కెటిల్ బాగైనా టీ బాగుపడకపోతే

శుభ్రం చేశాక మళ్ళీ మూడు గ్లాసుల పరీక్ష చేశాం. చేదు పోయింది. కెటిల్ నీళ్ళు, గిన్నె నీళ్ళు ఒకే రుచికి వచ్చాయి, ఆ కొంచెం ఉప్పదనంతో సహా. టీ మాత్రం ఇంకా బాగోలేదన్నారు వదిన. బ్యాగు ముంచితే ముదురు రంగు తిరుగుతోంది, సువాసన లేదు, పైన సన్నటి తెట్టు కడుతోంది, తాగాక గొంతులో వగరు మిగులుతోంది.

ఇదీ నీళ్ళ పనే, కాకపోతే వేరే దారిన. బైకార్బొనేట్ ఉన్న నీళ్ళు మరిగితే క్షారగుణం పెరుగుతుంది. టీలో ఉండే సన్నటి పులుపులను అది అణిచేస్తుంది, రంగును ముదురు చేస్తుంది. చురుకుదనం పోయి వగరు, చేదు మాత్రమే పైకి తేలతాయి. ఆ తెట్టు కాల్షియం, టీలోని పదార్థాలు గాలి తగిలి కలిసి కట్టుకున్నది. ఆ కప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండి చూడండి, రంగు తేలిపడి తెట్టు విరిగిపోతుంది. ఇది మంచి గుర్తు, నిమ్మరసంతో బాగుపడిన టీకి జబ్బు నీళ్ళ క్షారమే. పాలు పోసే టీలో ఈ తేడా కొంత కప్పబడిపోతుంది. అందుకే చాలా ఇళ్ళలో పాల టీ బాగుండి, బ్లాక్ టీ, గ్రీన్ టీ దగ్గర మాత్రమే పేచీ వస్తుంది. గ్రీన్ టీ అయితే సలసల మరిగే నీళ్ళు పోసినా చేదెక్కుతుంది. కెటిల్ ఆగాక మూత తీసి నాలుగైదు నిమిషాలు ఆగి పోయాలి.

నీళ్ళు మార్చడమే మందు. టీ వరకు ఆర్వో నీళ్ళో, ప్లాంటు నుంచి వచ్చే ఇరవై లీటర్ల క్యాను నీళ్ళో వాడితే తాత్కాలిక, శాశ్వత కఠినత్వాలు రెండూ చాలావరకు పోతాయి, కెటిల్‌కు గార పట్టడం కూడా దాదాపు ఆగిపోతుంది. అది కుదరకపోతే రాత్రి పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి, కదపకుండా తెల్లారేదాకా ఉంచి, పై నీళ్ళను మెల్లగా వంచుకుని కెటిల్లో పోసుకోవచ్చు. గార గిన్నె అడుగునే ఉండిపోతుంది, గిన్నెను తోముకోవడం తేలిక. ఈ పద్ధతి తాత్కాలిక కఠినత్వానికే పనిచేస్తుంది, ఉప్పదనమూ మెగ్నీషియం చేదూ పోవు. పటిక తిప్పితే మట్టి పేరుకుంటుంది గాని కఠినత్వం తగ్గదు.

రుచి బాగుపడింది కాబట్టి నీళ్ళు మంచివైపోయాయని మాత్రం అనుకోకూడదు. రాయలసీమ బోర్లలో, ముఖ్యంగా అనంతపురం వైపు, ఫ్లోరైడ్ సమస్య ఉంది. పైన చెప్పిన ఐ.ఎస్. 10500 ప్రమాణమే దానికి లీటరుకు ఒక మిల్లీగ్రామును మంచి హద్దుగా, 1.5ను గరిష్ఠంగా పెట్టింది. ఫ్లోరైడ్‌కు రుచి తెలియదు, మరిగిస్తే పోదు, నీళ్ళు ఆవిరై తగ్గిన కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. కెటిల్లో మిగిలిన నీళ్ళనే పొద్దుటి నుంచి రాత్రి దాకా మళ్ళీమళ్ళీ కాచే అలవాటు మానుకోవడానికి ఇదొక కారణం. గార ఎక్కువ పట్టడానికి కూడా ఆ అలవాటే దోహదం చేస్తుంది. తాగగా మిగిలినవి పారబోసి, మూత తెరిచి ఆరబెడితే రెండు శుభ్రాల మధ్య వ్యవధి పెరుగుతుంది.

ఎన్నాళ్ళకొకసారి గార తీయాలన్నది క్యాలెండర్ చూసి చెప్పేది కాదు. ప్లేటు మీద వేలితో రాస్తే గరుకు తగిలినప్పుడే చేయాలి. ఆ దశలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు, పావుగంట చాలు. బోరు నీళ్ళే పోసే ఇంట్లో నెలకోసారి రావచ్చు, క్యాను నీళ్ళు పోసే ఇంట్లో ఏడాదికి ఒకటి రెండుసార్లు. పెచ్చులు కట్టేదాకా ఆగితే వదినవాళ్ళలా ఒక పూట పని.

గార తీశాక ప్లేటు మీద గుంటలు, వాటి చుట్టూ ఎర్రటి తుప్పు వలయాలు కనిపిస్తే ముందు ఒకసారి నిమ్మ ఉప్పుతోనే తుడిచి చూడండి. బోరు నీళ్ళలోని ఇనుము మరకైతే పోతుంది. వారంలో అదే చోట మళ్ళీ వస్తే స్టీలే తినేస్తోందని. అడుగు నుంచి నీళ్ళు చెమర్చినా, పట్టుకుంటే చెయ్యి జివ్వుమన్నా, ప్లగ్గు పెట్టగానే ఇంట్లో ట్రిప్పర్ పడిపోయినా ఇక శుభ్రం చేయడం గురించి ఆలోచించకండి. ఆ కెటిల్ మళ్ళీ ప్లగ్గులో పెట్టకూడదు.